భిన్నాల వర్క్‌షీట్ ఎవరి కోసం?

“రేపటికి భిన్నాల మీద ఒక వర్క్‌షీట్ తయారుచేయండి” అన్న కోరికలో అధ్యాయం పేరు తప్ప పిల్లలకు పనికివచ్చే వివరం ఒక్కటీ లేదు. ప్రాథమిక తరగతుల్లో బొమ్మలో సగానికో పావుకో రంగు వేయడంతో మొదలయ్యే భిన్నాలు, 6వ తరగతికి వచ్చేసరికి విజాతి భిన్నాల, అంటే హారాలు వేరువేరుగా ఉన్న భిన్నాల, కూడికకూ, 7వ తరగతిలో గుణకార భాగహారాలకూ విస్తరిస్తాయి. అందువల్ల తరగతి, అందులోని మెట్టు తెలియకుండా కూర్చున్న ఉపాధ్యాయుడు తాను ప్రస్తుతం బోధిస్తున్న స్థాయినే ఆధారం చేసుకుంటాడు. ఆ ఊహ తప్పయితే, ఆ సంగతి పత్రం పిల్లల చేతికి వెళ్లాక గానీ బయటపడదు.

6వ తరగతిలో విజాతి భిన్నాల కూడికనే తీసుకుంటే, చాలామంది పిల్లలు 1/2 + 1/3 కు 2/5 అని రాస్తారు, అంటే లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడుతారు. ఇది తొందరపాటా, అవగాహనలోని లోపమా అన్నది ఒక్క లెక్కతో తేలదు కనుక, ప్రశ్నలను మెట్లుగా పేర్చాలి. హారాలు సమానంగా ఉన్న 2/7 + 3/7 వంటివి రెండు, ఒక హారం మరొకదానికి గుణిజమైన 1/2 + 1/4 వంటివి మూడు, హారాలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని 1/2 + 1/3 వంటివి మూడు, ఉమ్మడి కారణాంకం ఉన్న 1/4 + 1/6 వంటివి రెండు ఉంటే, పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో కనిపిస్తుంది. చివరి రకంలో 10/24 అని రాసినవాడు తప్పు చేయలేదు, కనిష్ఠ సామాన్య గుణిజాన్ని వాడక హారాలను గుణించాడు. అతనికి 2/5 రాసినవాడికి చెప్పే పాఠం అక్కరలేదు.

ప్రశ్నల సంఖ్య కాగితం నిండడానికి కాదు, ఈ నిర్ధారణ కోసం కావాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నకు గుడ్డిగా గురిపెట్టినా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, ఒకే రకం ప్రశ్నలు మూడు ఇస్తే మూడూ అలా కుదిరే అవకాశం 64లో ఒక వంతుకు పడిపోతుంది. మరోవైపు లెక్కకు మూడు నిమిషాలనుకుంటే 45 నిమిషాల పీరియడ్‌లో పది లెక్కలకే 30 నిమిషాలు పోతాయి, 20 లెక్కలు అడిగితే చివరి లెక్కలు ఖాళీగా వచ్చినా అది రాకనా, సమయం చాలకనా అన్నది తెలియదు.

తరగతి అంకె చెప్పినా, ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను కలిపి బోధించే బడుల్లో అది చాలదు. కాబట్టి కోరేవారు పిల్లలు ఇప్పటికి ఏ మెట్టు వరకు సొంతంగా చేయగలరో కూడా తెలపాలి, తెలపకపోతే తయారుచేసేవారు ఊహించకుండా తిరిగి అడగాలి. అలా అడగని పత్రం ఎక్కడ తప్పిందో జవాబులే పట్టిస్తాయి: తరగతిలో దాదాపు అందరికీ అన్నీ సరిపోయినా, దాదాపు అందరూ మొదటి లెక్క దగ్గరే ఆగినా, మొదట చూడవలసినది పిల్లల చదువును కాదు, ఆ పత్రం ఏ స్థాయికి రాశారన్నదాన్ని.