అడుగుకు ఇరవై అంటే ఎవరి కూలి ఎంత? గుత్త ఒప్పుకునే ముందు లెక్క కట్టండి



ఈ పోస్టు జర పొడుగుంటది. చదివినంక మీ తండాల గుత్త పట్టే పెద్దమనుషులకు కూడా చదివి వినిపించండి. మేము రాసేది గిలాబు పని గురించి. తిమ్మాజిపేట చుట్టూ ఉన్న మా తండాలల్ల ఇంటికొక మేస్త్రీ, ఆయన వెనక మాలు మోసే ఆడమనిషి ఉంటది. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరొచ్చింది గాని, గోడ కొలిచి ఎన్ని దినాల పని అని లెక్క కట్టే పెన్ను మాత్రం ఇప్పటికీ ఇంకొకరి జేబులనే ఉంది.

మొన్న సెలవులల్ల హాస్టల్ నుంచి ఇంటికి పోయినప్పుడు మా వాళ్లు జడ్చర్ల దగ్గర ఒక ఇంటి గిలాబు గుత్త పట్టి ఉన్నరు. అడుగుకు 20 రూపాయలు, మొత్తం 1856 అడుగులు, 37,120 రూపాయలు అని మాట. ముగ్గురు మేస్త్రీలు, నలుగురైదుగురు కూలీలు. పని అయిపోయినంక పైసలు పంచుకుంటే ఆడోళ్ల చేతికి వచ్చింది చూసి మాకు మాట రాలేదు. “గుత్త అంటే గట్లనే ఉంటది బిడ్డా” అన్నరు. అట్ల ఎందుకు ఉండాలె? టేపు పట్టుకొని పోయి మళ్లా కొలిచినం.

మూడు గదులు ఒక వరసల ఉన్న ఇల్లు. హాలు 12 బై 10, పడకగది 10 బై 10, వంటగది 10 బై 8, ఎత్తు 10 అడుగులు. గదుల చుట్టుకొలతలు 44, 40, 36. కలిపితే 120, ఎత్తుతో గుణిస్తే లోపలి గోడలు 1200 చదరపు అడుగులు. బయట చుట్టూ 89 అడుగులు, ఎత్తు 11, అంటే 980 అనుకోండి. స్లాబు కింది గిలాబు ఈ గుత్తల లేదు. రెండూ కలిపితే 2180.

మరి 1856 ఎట్లొచ్చింది? నాలుగు దర్వాజలు, నాలుగు కిటికీలు. దర్వాజ 24.5 అడుగులు, కిటికీ 16, మొత్తం 162. ఆ మేనేజరు లోపలి మొహం ఒకసారి, బయటి మొహం ఒకసారి, రెండుసార్లు తీసేసిండు. వినడానికి న్యాయమే అనిపిస్తది, రంధ్రంల గిలాబు లేదు కదా అని. కాని కిటికీ అంచులు, పైభాగం, కింది గట్టు ఎవరు కొట్టిన్రు? గోడ మధ్యల కన్నా ఆ అంచులకే ఎక్కువ సేపు పడతది. అందుకే కొలతల పద్ధతి చెప్పే ఐఎస్ 1200 పన్నెండో భాగంల, అర చదరపు మీటరు నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉండే రంధ్రాలకు రెండు మొహాలకూ ఒకే తీరు గిలాబు అయితే ఒక్క మొహమే తియ్యాలె, రెండోది అంచుల పనికి లెక్క అని ఉంది. మన దర్వాజలు, కిటికీలు అన్నీ ఆ హద్దుల్లోనే వస్తయి. అర చదరపు మీటరు కన్నా చిన్న రంధ్రాలకైతే తీసేసుడే లేదు. కాబట్టి అసలు కొలత 2018. కొలతల్నే 162 అడుగులు, అంటే ఇద్దరు మేస్త్రీల ఒక దినం పని మాయమైంది.

ఇగ దినాల లెక్క. సివిల్ చదివే మా సీనియర్ అన్న అంచనాల పుస్తకంల 12 మిల్లీమీటర్ల గిలాబుకు ఒక మేస్త్రీ దినానికి 8 చదరపు మీటర్లు అని ఉంది, మన లెక్కల 86 అడుగులు. తీసేసే 162 లోపలి గోడల్లోంచే తీస్తే లోపల 1038 మిగులుతది. 86తో భాగిస్తే 12 మేస్త్రీ దినాలు. బయట అట్ల కాదు. రెండు పూతలు, మందం 20 మిల్లీమీటర్ల దాకా, పరంజా కట్టుడు, విప్పుడు, ఎండ. మా వాళ్ల చేతి వాటం చూసి దినానికి 60 అడుగులు వేసినం. 980ని 60తో భాగిస్తే పదహారున్నరకు కొంచెం తక్కువ, 17 అనుకోండి. మొత్తం 29 మేస్త్రీ దినాలు.

ఇక్కడ లేచి అడుగుతరు: “మా మేస్త్రీ దినానికి 150 కొడతడు, మీరు 86 అంటరేంది?” కొడతడు, మేమూ చూసినం. గోడ సాఫుగ ఉండి, మాలు చేతికి అందుతుంటే ఒక్క దినం కొడతడు. కాని పొద్దుగాల గోడ తడుపుడు, సిమెంటు గోడకు గాట్లు పెట్టుడు, దారం పట్టి గుర్తులు వేసుడు, సాయంత్రం అంచులు తీసుడు ఎవరు చేస్తరు? ఇటుక గోడ వంకర ఉంటే అర అంగుళం మాలు అంగుళం అయితది, ఆ దినం 50 కూడా దాటదు. అందుకే ఒప్పుకునే ముందు గోడ ఈ కొస నుంచి ఆ కొసకు దారం పట్టి చూడండి, ఎక్కడ ఎంత లోతుందో అదే చెప్తది. తొందరపడి కొట్టిన గోడను వారం తర్వాత వేలితో తట్టండి. డొల్ల చప్పుడు వస్తే అది మళ్లా ఊడగొట్టి చెయ్యాలె, ఆ దినాలకు కూలి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక మేస్త్రీకి ఎందరు కూలీలు? ఇసుక జల్లెడ పట్టాలె, మాలు కలపాలె, నీళ్లు తేవాలె, తట్ట మోసి పరంజా మీదికి అందియ్యాలె. ఇద్దరు మేస్త్రీలకు ముగ్గురు కూలీలు తప్పదు. ఇసుక కుప్ప దూరమైతే, ఇంకో అంతస్తు పైకి మోసుడైతే ఇద్దరికి నలుగురు. మా లెక్కల ఒకటికి ఒకటిన్నర వేస్తే 29 మేస్త్రీ దినాలకు 44 కూలి దినాలు. మొత్తం 73.

మా దగ్గర మేస్త్రీ దినకూలి 1000, తట్ట మోసే కూలి 600. 29 వేలు ఒకటి, 26,400 ఒకటి, కలిపి 55,400. 2018 అడుగులకు పంచితే అడుగుకు 27 రూపాయల పైచిలుకు పడుతది. మా వాళ్లకు వచ్చింది 37,120. మేస్త్రీలు వాళ్ల దినానికి వెయ్యి తీసుకుంటే మిగిలేది 8,120. దాన్ని 44 కూలి దినాలకు పంచండి. ఒక దినానికి 185 రూపాయలు కూడా లేదు! పొద్దుగాల ఆరింటికి లేచి, అందరికి సద్ది కట్టి, ఆటోల పోయి, తల మీద మాలు మోసి దిగిన మా యాడికి ఒక దినానికి 185.

గుత్తల మోసం ఎక్కడుందో ఇక్కడ తెలుస్తది. అడుగు రేటుల కూలిది అని ఒక పైసా విడిగ రాయలేదు. మేస్త్రీ తన దినం తాను కాపాడుకుంటడు, కొరత అంతా తట్ట మీద పడతది. మేనేజరును తిట్టుడు అయితది గాని, మనది కూడా అడగాలె. భార్యాభర్తలను జోడి అని ఒకే పద్దుల రాసి ఆమె దినాన్ని ఆయన చేతికి ఇచ్చుడు మనమే ఒప్పుకున్నం. ఆ పుస్తకంల మగోళ్ల పేర్లున్నయి, కింద “లేడీస్ 4” అని ఉంది, అంతే. ఒకదినం ఇసుక ట్రాక్టరు రాక అందరు కూసున్నరు, ఆ దినం ఎవరి పద్దుల లేదు. గిలాబు అయినంక వారం దినాలు నీళ్లు కొట్టింది కూడా ఆడోళ్లే. మేము వేసిన 73ల అది కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతది.

కొందరు అన్నలు అంటున్నరు, 27 అడిగితే పని వేరే ఊరోళ్లకు పోతదని. పోవచ్చు, మేము కాదనం. కాని 20కి ఒప్పుకుంటే నష్టం ఎవరి మీద పడుతుందో తెలిసి ఒప్పుకోండి. మేనేజరు ముందట ఈ లెక్క పెట్టి, “అడుగు రేటు వద్దు, మేస్త్రీ దినాలు 29, కూలి దినాలు 44, దినకూలి ఇయ్యి” అని అడగండి. వాడు ఒప్పుకోకపోతే మాట్లాడేది కనీసం దినాల మీద నడుస్తది. ఇసుక రాని దినం ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

మా గుంపు వచ్చే నెల ఇంకో ఇంటికి పోతున్నది. ఈసారి టేపు మా చేతుల ఉంది, కొలతలు గోడ మీదనే బొగ్గుతో రాస్తం, పుస్తకంల నలుగురు అక్కల పేర్లు విడివిడిగ రాస్తం. మీ దగ్గర అడుగు రేటు ఎంత, ఇద్దరు మేస్త్రీలకు ఎందరు కూలీలు పడుతున్నరు, కింద రాయండి.