మాడితే స్ట్రాంగ్ కాదండీ, మాడినట్టే!

పోయిన నెల మా ఇంట్లో కాఫీ మీద గొడవైంది. నవ్వకండి, నిజంగా గొడవే. రేపల్లె నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్కగారు వచ్చారు. నేనిచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసి, "ఇదేం కాఫీ అమ్మాయ్, టీ నీళ్లలా ఉంది. అమ్మ వేయిస్తే గింజ నల్లగా నిగనిగలాడేది. ఎంత స్ట్రాంగ్‌గా ఉండేదో! ఆ చేతివాటం నీకు రాలేదు" అంది. మా ఆయన తలూపారు. మా అత్తయ్యగారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు.

అప్పుడు నేను పూర్తిగా చెప్పలేకపోయిన మాట ఇక్కడ చెబుతాను. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకోవడం మన ఇళ్లల్లో పాతుకుపోయిన తప్పు. డికాషన్ చిక్కదనం ఫిల్టర్లో పొడి ఎంత వేశాం, నీళ్లు ఎన్ని పోశాం అన్నదాన్ని బట్టి వస్తుంది. గింజ మాడ్చినంత మాత్రాన అందులో కెఫీన్ పెరగదు. పెరిగేది చేదు, నలుపు. నలుపే కావాలంటే చికోరీ ఉండనే ఉంది. మన దేశంలో కాఫీ చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, అది ప్యాకెట్ మీద రాసి ఉండాలి. ఒకసారి చదవండి. మనం స్ట్రాంగ్ అని మెచ్చుకునే దాంట్లో సగం కాఫీయే కాకపోవచ్చు.

మేం కొనేది అరకు అరబికా పచ్చి గింజ. 2019లో దానికి జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. కొండమీద పండు పండాక ఏరి, తొక్క తీసి, ఎండబెట్టిన గింజ అది. బొగ్గయ్యేదాకా వేయిస్తే అది అరకుదో, చిక్కమగళూరుదో నాలుకకు తెలియదు. అన్నం మాడ్చాక అది ఏ బియ్యమో చెప్పగలమా?

మరి ఎప్పుడు ఆపాలి? తాలింపు వేసే ప్రతి ఇల్లాలికీ ఈ విద్య సగం వచ్చు. ఆవాలు వేసి మనం గడియారం చూడం, చిటపటలు వింటాం. కాఫీ గింజా అంతే. మా అత్తయ్యగారిది బాపట్ల. నా పెళ్లైన కొత్తలో ఆవిడ నాకు నేర్పింది ఇదే: "రంగు నీ కళ్లను మోసం చేస్తుందమ్మా, చెవితో వేయించు."

మందపాటి ఇనప మూకుడులో 200 గ్రాములకు మించి వేయను. ఎక్కువ వేస్తే అడుగువి మాడి, పైవి పచ్చిగా ఉంటాయి. మధ్యస్థంగా మంట పెట్టి గరిటె ఆపకుండా తిప్పాలి. నాలుగైదు నిమిషాలకు ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతుంది. ముందు పచ్చగడ్డి, తర్వాత ఎండుగడ్డి వాసన. ఆ తర్వాత రొట్టె కాల్చిన వాసన వస్తూ, ఉల్లిపొర లాంటి సన్నటి పొట్టు రాలుతుంది. సుమారు పదో నిమిషంలో ఎక్కడో ఒక గింజ 'టప్'మంటుంది. లోపలి తేమ ఆవిరై, ఆ ఒత్తిడికి గింజ విచ్చుకున్న చప్పుడది. దాన్నే ఫస్ట్ క్రాక్ అంటున్నారు, మా అత్తయ్యగారికి అది మొదటి పేలుడు. అక్కడ మంట కొంచెం తగ్గిస్తాను. ముందు ఒకటీ అరా, తర్వాత జొన్నపేలాల్లా వరసగా, మళ్లీ పలచబడతాయి. మూకుడులో వేడి అన్ని గింజలకూ సమంగా తగలదు కాబట్టి ఒక్కసారిగా పేలవు, కంగారు పడొద్దు. పేలుళ్లు పలచబడ్డాక ఒక నిమిషం ఉంచి దించేస్తే, పాలు పోసిన కాఫీలో కూడా గింజ రుచి నిలుస్తుంది.

అక్కడ దించకపోతే కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత రెండో పేలుడు మొదలవుతుంది. ఈసారి చప్పుడు సన్నగా, గబగబా, చిటచిటమంటుంది. పొగ లేస్తుంది, గింజ మీదికి నూనె వస్తుంది. మా వదిన మెచ్చుకున్న నిగనిగ ఆ నూనే. పైకొచ్చిన నూనెకు గాలి తగిలి, పొడి తొందరగా కమురు వాసన వేస్తుంది.

పొయ్యి ఆపినా గింజ తన వేడికి తను వేగుతూనే ఉంటుంది. అందుకే వెంటనే చేటలో పోసి, ఫ్యాను కింద పెట్టి, పొట్టు చెరిగేయాలి. చల్లారాక తూస్తాను. 200 గ్రాములు 170 దగ్గరికొస్తే సరిగ్గా వేగినట్టు. 160 అయితే మాడ్చానని నాకే తెలుస్తుంది. ఒక గింజ చిదిమి చూస్తాను. పైన గోధుమరంగు, లోపల పాలిపోయి ఉంటే మంట ఎక్కువైంది, ఆ కాఫీ పచ్చి వేరుశనగలా ఉంటుంది. మరీ సన్నమంట మీద అరగంట లాగితే పేలుడు సరిగా వినపడదు, రుచి చప్పబడుతుంది. ఒక రాత్రి ఆగి, మర్నాడు పొడి కొట్టాలి. పాప్‌కార్న్ మిషన్లో కూడా వేయించొచ్చు కానీ, పిడికెడు గింజలే పడతాయి, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, తేరుకునే వ్యవధి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తయ్యగారి గింజ వక్కరంగులో ఉండేది. నలుపు తర్వాతెప్పుడో వచ్చింది. ఏటికేడాది ముదిరింది. ఇంట్లో అందరూ "అమ్మ చేయి తిరిగింది, కాఫీ స్ట్రాంగ్ అయింది" అన్నారు. నేనూ అన్నాను. ఒకరోజు పక్కన నిలబడి ఉన్నాను. గింజలు టపటపా పేలుతున్నాయి. ఆవిడ తిప్పుతూనే ఉన్నారు. "అత్తయ్యగారూ, పేలుతున్నాయి" అన్నాను. "ఏవీ?" అన్నారు. ఆవిడ ఇంకా ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తున్నారు.

తాలింపు మాడడం, టీవీ గోల పెరగడం అప్పుడు గుర్తొచ్చాయి. డాక్టరుకు చూపిస్తే రెండు చెవులూ బాగా తగ్గాయన్నారు. కొన్నేళ్లపాటు ఆవిడ చెవితో కాదు, పొగ చూసి దించారు. కళ్లు మండుతున్నా దగ్గుతూ వేయించారు. మనం గ్లాసులు చాచి, భేష్ అన్నాం. ఆవిడ చేతివాటమని మీరు పొగిడింది ఆవిడ వినికిడి పోవడాన్ని, వదినా! మీరూ, మీ తమ్ముడూ, నేనూ, ఒక్కరమైనా "ఎందుకు రుచి మారింది?" అని అడగలేదు. మారిన రుచికి 'మన ఇంటి రుచి' అని పేరు పెట్టేశాం.

గొడవ రోజు చివర్లో అత్తయ్యగారే నోరు విప్పారు. "అది నేను మాడ్చానే. మీరంతా బాగుందంటే ఏం చెప్పను?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ముదురుగా ఇష్టమైతే తాగండి, కాదనను. రెండో పేలుడు మొదలవుతుండగా దించండి, తెలిసి దించండి. అంతేగాని మాడుకు సంప్రదాయం అని పేరు పెట్టి, చెవి పెట్టి వేయించినవాళ్ల చేతకానితనం అనకండి.

వచ్చే ఆదివారం మా వదిన మళ్లీ వస్తానంది. గింజలు అత్తయ్యగారే వేయిస్తానన్నారు. మిషన్ పెట్టుకున్నాక ఆవిడకి పేలుడు వినిపిస్తోంది, వంటింట్లో చప్పుళ్లు లేకపోతేనే. అందుకని ఆ పావుగంట ఫ్యాను, మిక్సీ, టీవీ, మా ఆయన నోరు, నాలుగూ బంద్.