రీఫండ్ నోట్‌లో ఏ నంబరు ఉండాలి?

దోహాలోని నజ్మాలో బెడ్ స్పేస్ తీసుకుని ఉంటున్న మా నిజామాబాద్ వైపు కుర్రాడొకడు 2025 నవంబర్ 5న, బుధవారం రాత్రి, రూమ్మేట్లంతా వేసుకున్న చందాతో ఒక వాషింగ్ మెషిన్ కొన్నాడు. ధర 899 రియాళ్లు. కార్డు ఆనించగానే మిషన్ కాసేపు ఆలోచించి, కుదరలేదని చీటీ కక్కింది. కౌంటర్లో ఉన్నాయన ‘మళ్లీ పెట్టు’ అన్నాడు. రెండోసారి కుదిరింది. రూముకొచ్చి ఫోన్ చూసుకుంటే 899 చొప్పున రెండు మెసేజ్‌లు! మర్నాడు షాపుకెళ్లి గొడవ పెడితే, సాయంత్రానికి కంపెనీ నుంచి ఒక నోట్ వచ్చింది. దాన్ని వాట్సాప్‌లో నాకు పంపి ‘అన్నా, ఇది నమ్మొచ్చా?’ అని అడిగాడు.

నోట్ మర్యాదగానే ఉంది. చింతిస్తున్నామన్నారు, ‘మీ రీఫండ్ ప్రాసెస్ అయింది, ఏడు పనిదినాల్లో అందుతుంది’ అన్నారు, కింద ఐదంకెల రిఫరెన్స్ నంబరు ఒకటి ఇచ్చారు. చదివితే లోటేమీ కనిపించదు. కానీ ఆ నంబరు పట్టుకుని తన బ్యాంకుకు వెళితే, అక్కడి ఉద్యోగి ఒక్క చూపు చూసి ‘ఇది మాది కాదు’ అన్నాడు. అది షాపువాళ్ల ఫిర్యాదు పుస్తకంలోని వరస నంబరు. వాళ్ల గుమ్మం దాటితే చెల్లదు.

కార్డు డబ్బు వెనక్కి వచ్చే దారి ఒకసారి చూడాలి. షాపు తన బ్యాంకుకు చెబుతుంది, ఆ బ్యాంకు కార్డు నెట్‌వర్క్‌కు పంపుతుంది, నెట్‌వర్క్ నుంచి మనకు కార్డిచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఈ దారి పొడవునా అందరూ గుర్తుపట్టే నంబరు ఒకటుంది. దాన్ని ఏఆర్‌ఎన్ అంటారు. మొత్తం 23 అంకెలు. రీఫండ్‌ను షాపు బ్యాంకు నెట్‌వర్క్‌లోకి పంపినప్పుడు ఇది పడుతుంది. మన బ్యాంకు వెతకాల్సింది దీన్నే.

ఈ నంబరులో ఇంకో సుళువుంది. ఎనిమిదో అంకె నుంచి పదకొండో అంకె దాకా ఉన్న నాలుగంకెలు తేదీని చెబుతాయి. మొదటిది సంవత్సరంలోని చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజన్నది. మా కుర్రాడు నాలుగు రోజులు వెంటపడ్డాక షాపు ఇచ్చిన ఏఆర్‌ఎన్‌లో అక్కడ 5313 అని ఉంది. అంటే 2025లో 313వ రోజు, నవంబర్ 9, ఆదివారం. ‘ప్రాసెస్ అయింది’ అని నోట్ రాసింది 6న. అంటే రాసేనాటికి డబ్బు కదలనే లేదు. ఎవరూ మోసం చేయలేదు లెండి. షాపు బటన్ నొక్కింది, వాళ్ల బ్యాంకు వారాంతం దాటాక పంపింది. కానీ ‘అడిగాం’ అనాల్సిన చోట ‘అయింది’ అని రాస్తే, అవతలివాడు అదే రోజు నుంచి వేళ్లు మడవడం మొదలుపెడతాడు.

ఆ లెక్క కూడా తేలికైనది కాదు. ఖతార్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. 6వ తేదీ గురువారం. ఆ మర్నాటి నుంచి ఏడు పనిదినాలు లెక్కపెడితే 17వ తేదీ, సోమవారం వస్తుంది. క్యాలెండర్లో పదకొండు రోజులు. ఊళ్లో ఉన్న అమ్మకు ‘వారంలో వస్తాయి’ అని చెప్పేసిన కుర్రాడికి ఆ నాలుగు రోజుల తేడా చిన్నది కాదు. కార్డు మన దేశపు బ్యాంకుదైతే తిప్పలు ఇంకో రకం. అక్కడ శుక్రవారం మూస్తే, ఇక్కడ ఆదివారాలూ రెండో, నాలుగో శనివారాలూ మూస్తారు. అందుకే ‘ఏడు పనిదినాలు’ అని రాయడం కన్నా ‘నవంబర్ 17లోగా’ అని తేదీ వేస్తే పోయేదేముంది? తేదీ వేస్తే మాటకు కట్టుబడాలి, అందుకే వేయరని నా అనుమానం.

మన భారతీయ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. షాపులో కార్డు గీకితే ఖాతాలో డబ్బు తెగి, షాపుకు ఖరారు అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. చాలామంది దీన్నే పట్టుకుని అన్ని రీఫండ్లకూ వాదిస్తారు. అది దేశంలోపలి విఫల లావాదేవీలకు మాత్రమే. షాపు ఖాతాలో నిజంగా జమ అయిన డబ్బును షాపే వెనక్కి పంపాల్సి వస్తే ఈ లెక్క వర్తించదు.

ఇక్కడే నోట్ రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సిన ముక్క ఒకటుంది. రెండు మెసేజ్‌లు వచ్చినంత మాత్రాన రెండుసార్లు డబ్బు షాపుకు పోయినట్టు కాదు. ఒకటి బ్యాంకు పట్టి ఉంచిన మొత్తమే కావచ్చు. షాపు దాన్ని తీసుకోకపోతే కొన్నాళ్లకు తనంతట తానే విడుదలవుతుంది. అప్పుడు రీఫండూ ఉండదు, ఏఆర్‌ఎన్నూ ఉండదు. రోజు చివర షాపు లెక్క ముగించిన చీటీలో ఆ 899 రెండుసార్లు ఉందా, ఒకసారే ఉందా అని చూస్తే తేలిపోతుంది. మా కుర్రాడి విషయంలో రెండుసార్లూ ఉంది.

ఏ దారిన వచ్చిన డబ్బు ఆ దారినే వెళ్లాలన్నది రీఫండ్‌లో మూల సూత్రం. కార్డు మీద తీసుకున్నది నగదుగా ఇస్తే, రేపు బ్యాంకు కూడా అదే మొత్తాన్ని వెనక్కి ఇప్పిస్తే షాపు రెండుసార్లు నష్టపోతుంది. కొనేవాడికీ ఈ దారితో పని ఉంది. నజ్మాలో ఉంటూ ఊళ్లో ఫ్లాటుకు వాయిదాలు కట్టేవాడి సంగతి చూడండి. తను ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి కట్టాడు, తెలియక నాన్న కూడా కట్టాడు. బిల్డర్ ఎక్కువైన వాయిదాను ‘దగ్గరున్నారు కదా’ అని నాన్న ఖాతాలో వేస్తే ఇంట్లో లెక్క సరిపోతుంది గానీ, విదేశం నుంచి వచ్చిన ఆ డబ్బుకున్న హోదా పోతుంది. బుకింగ్ రద్దయినప్పుడు తిరిగొచ్చే సొమ్మును ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకోవచ్చు, కాకపోతే మొదట కట్టింది ఆ ఖాతా నుంచో, విదేశం నుంచి నేరుగా వచ్చిన డబ్బుతోనో అయి ఉండాలి. ఎక్కువ కట్టిన వాయిదా విషయంలోనూ బ్యాంకు అడిగేది ఆ ఆధారమే. కాబట్టి ‘ఫలానా తేదీన మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి అందిన మొత్తంలో ఇంత వెనక్కి పంపుతున్నాం’ అన్న ఒక్క వాక్యం బిల్డర్ నోట్‌లో ఉంటే చాలు.

నన్నడిగితే కంపెనీ రాయాల్సింది ఒక నోట్ కాదు, రెండు. మొదటిది తప్పు తేలిన రోజున ఇలా:

‘నవంబర్ 5న మీ కార్డు నుంచి 899 రియాళ్లు రెండుసార్లు మాకు జమ అయ్యాయి. ఒక 899 రియాళ్లను అదే కార్డుకు తిరిగి పంపమని ఈ రోజు, నవంబర్ 6న, మా బ్యాంకును కోరాం. నవంబర్ 17లోగా మీ ఖాతాలో పడాలి. మీ బ్యాంకులో వెతికేందుకు పనికొచ్చే ఏఆర్‌ఎన్‌ను మా బ్యాంకు ఇవ్వగానే పంపుతాం. 17 దాటితే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి.’

రెండోది ఆ 23 అంకెలతో ఒకే ఒక్క వాక్యం.

మా కుర్రాడికి 18న డబ్బు పడింది. ఆ ఏఆర్‌ఎన్ చూపించాక బ్యాంకు రెండు నిమిషాల్లో వెతికి పట్టుకుంది. అదే రూములో ఇంకొకాయన నెలాఖరున ఫైనల్ ఎగ్జిట్ మీద జగిత్యాల వచ్చేస్తున్నాడు, ఆయనకూ ఒక టికెట్ రీఫండ్ రావాల్సి ఉంది. అలాంటివాళ్లు డబ్బు చేతికందే దాకా రీఫండ్ రావాల్సిన ఖాతా మూయకండి. మూయక తప్పకపోతే ముందే కంపెనీకి రాసి, డబ్బు ఎక్కడికి పంపాలో కాగితం మీద ఒప్పించుకుని విమానం ఎక్కండి.