ధర దాచండి, దారి మూయకండి

ఇంకొకరికి బహుమతి ఆర్డరు పెట్టి, బిల్లు చింపి చెత్తబుట్టలో వేసి, డబ్బాకు రంగుకాగితం చుట్టి ఇవ్వడాన్ని మనం మర్యాద అనుకుంటున్నాం. నా లెక్కలో అది సగం మర్యాదే. మిగతా సగం తీసుకున్నవాళ్ళ నోరు నొక్కడం. ధర తెలియకూడదని బిల్లు తీసేస్తే, ఆ బిల్లుతో పాటే మార్చుకునే హక్కు, వాపసు ఇచ్చే వీలు, పాడైతే బాగుచేయించుకునే ఆధారం అన్నీ పోతాయి. ఇది ఇచ్చినవాళ్ళకు కనిపించదు. బట్ట బిగుతైన ఆమెకు, మూడో మిక్సీని సజ్జ మీదికి ఎక్కించిన ఆమెకు కనిపిస్తుంది.

అసలు ధర దాచడం మన పద్ధతేనా? మన దిక్కు పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో కట్నాలు ఎట్లా పెడతారో గుర్తు చేసుకోండి. పందిరి కింద ఒకాయన నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, అయిదు వందల పదహార్లు అని రాస్తాడు. కొన్నిచోట్ల మైకులో చదువుతారు కూడా. దాన్ని ఎవరూ సిగ్గు అనుకోరు. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా పెట్టాలి కాబట్టి ఆ లెక్క కావాలి. డబ్బు ఇచ్చినప్పుడు బాహాటంగా చదివించే మనం, వస్తువు ఇచ్చినప్పుడు మాత్రం ధర చూపించడం మోటు అంటాం.

దాచడానికి ఒక మంచి కారణం ఉంది, కాదనను. తీసుకున్న మనిషి మీద బరువు పడకూడదు. తిరిగి ఇంతే పెట్టాలని ఆమె రాత్రంతా లెక్కలు వేసుకోకూడదు. ఈ కారణంతో దాచేవాళ్ళకు దండం.

కానీ ఒక్క ప్రశ్న. మనం నిజంగా దాచేది ధరనేనా? మన దేశంలో ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎమ్మార్పీ, అన్ని పన్నులూ కలిపి ముద్రించాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. దాన్ని దుకాణదారు చెరపకూడదు. కాబట్టి డబ్బా మీద అది ఎట్లాగూ ఉంటుంది. ఇప్పుడు చూడండి, బిల్లు తీసేస్తాం. ఎమ్మార్పీ చీటీని మాత్రం ముట్టుకోం. డ్రెస్సు మీద 3,499 అని ఉంటుంది, మనం కొన్నది 1,299కి. అంటే మనం దాచింది ధర కాదమ్మా, డిస్కౌంటు! ఆమె మీద బరువు పడకూడదని దాచినవాళ్ళమైతే ముందు ఆ 3,499 మీద కాగితం అతికించాలి. బిల్లు దాచి ఎమ్మార్పీ వదిలేస్తే ఆమె నెత్తిన రెండు వేల పైచిలుకు లేని బాకీ పెట్టినట్టే. రేపు మన ఫంక్షన్‌కు ఆమె ఆ 3,499 చూసే చీర కొంటుంది.

ఇక మార్చుకోవడం సంగతి. మా వైపు జరిగేదే ఒకటి చెబుతాను. సింగరేణిలో రిటైరైనవాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి సొంతింట్లోకి పోతారు. గృహప్రవేశానికి హైదరాబాదు నుంచి తమ్ముని భార్య వస్తూ ఆడిబిడ్డకు డ్రెస్సు తెస్తుంది అనుకోండి. ఆన్‌లైన్లో పెట్టింది. రెండో తారీఖున హైదరాబాదులో ఆమె ఇంటికి వచ్చింది. వాపసుకు, మార్పిడికి ఏడు రోజుల గడువు. గృహప్రవేశం పన్నెండో తారీఖు. ఆ హడావిడి తీరాక పదమూడున గోదావరిఖనిలో ప్యాకెట్టు విప్పి తొడుక్కుంటే భుజాల దగ్గర పట్టేసింది. ఎల్ సైజు వచ్చింది, ఆమెకు ఎక్సెల్ కావాలి.

ఇప్పుడు లెక్క చూడండి. గడువు మొదలయ్యేది బహుమతి చేతిలో పెట్టిన రోజు నుంచి కాదు, వస్తువు డెలివరీ అయిన రోజు నుంచి. అంటే తొమ్మిదో తారీఖుకే గడువు అయిపోయింది. డ్రెస్సు ఆమె చేతికి రాకముందే దాన్ని మార్చే దారి మూసుకుపోయింది. గడువు ఉన్నా కూడా ఆమె స్వయంగా ఏమీ చేయలేదు. మార్పిడి అడగాలంటే ఆర్డరు పెట్టినవాళ్ళ ఖాతాలోంచే అడగాలి. తీసుకుపోయే అబ్బాయి మామూలుగా ఆర్డరులో ఉన్న చిరునామాకే వస్తాడు, అది హైదరాబాదు. వాపసు డబ్బులు కట్టినవాళ్ళ ఖాతాలోనే పడతాయి. అంటే బహుమతి ఆమెది, దాని పెత్తనం మాత్రం ఇచ్చినామెది.

సరే, ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు. అడుగుతుందా? "వదినె, నువ్వు తెచ్చింది నాకు పట్టలేదు" అని ఆడిబిడ్డ నోటి నుంచి వస్తే అది సైజు మాటగా ఉంటుందా, సాధింపుగా మారుతుందా? మనకు తెలియనిదా. అందుకే ఆమె "మంచిగున్నది వదినె, మస్తు నచ్చింది" అని, డ్రెస్సు బీరువాలో పెడుతుంది. ఆరు నెలలకు అది ఇంకెవరి ఒడిబియ్యానికో పోతుంది. ఒక్కోసారి చుట్టూ తిరిగి ఇచ్చినామె ఇంటికే చేరుతుంది కూడా. అప్పుడు మాటలు పుడతాయి.

అమెరికాలో పిల్లలున్న తల్లులను అడగండి. అక్కడి దుకాణాల్లో గిఫ్ట్ రిసీట్ అని అడిగితే ధర లేని చీటీ ఇస్తారు. దాని మీద వస్తువు వివరం, బార్‌కోడు ఉంటాయి, ధర ఉండదు. తీసుకున్నవాళ్ళు ఆ చీటీతో వెళ్ళి వేరే సైజో, అంత విలువకు వేరే వస్తువో తెచ్చుకుంటారు. ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేసే పని లేదు. ధర దాచడం, మార్చుకోవడం రెండూ ఒకే కాగితంలో ఇమిడిపోయాయి. మనం రంగుకాగితం నేర్చుకున్నాం, ఆ చీటీ నేర్చుకోలేదు.

"దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెడతారా" అనే పెద్దవాళ్ళుంటారు. బహుమతి దానం కాదు. దానమిస్తే చేతులు దులుపుకుంటాం. బహుమతి ఆమె వాడుకోవాలని ఇస్తాం. వాడలేనిది ఇచ్చి, మార్చుకునే దారీ మూసి, పైగా నచ్చిందా అని అడగడం ఏం న్యాయం?

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే దుకాణంలో మొదట వినిపించే మాట "కొన్నది మీరు కాదు కదా" అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారు అంటే కొన్నవాళ్ళే కాదు, కొన్నవాళ్ళ అనుమతితో ఆ వస్తువును వాడుకునేవాళ్ళు కూడా. అంటే బహుమతి తీసుకున్న ఆడిబిడ్డ కూడా వినియోగదారే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే ముప్ఫై రోజుల్లోపు వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్ అమ్మకందార్లు లోపమున్నదాన్ని, చూపించింది ఒకటైతే పంపింది ఇంకొకటైనదాన్ని వాపసు తీసుకోనని అనకూడదని 2020 నిబంధనలు చెబుతాయి. వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు.

అయితే హద్దు కూడా తెలియాలి. ఇదంతా లోపమున్న సరుకుకు. సరైన సరుకే వచ్చి రంగు నచ్చలేదంటే, సైజు చాలలేదంటే చట్టం వెంట రాదు. అది దుకాణం పెట్టుకున్న నియమం. అందుకే కొనేటప్పుడే చూడాలి, కొన్నిటికి వాపసు ఉంటుంది, కొన్నిటికి అదే వస్తువు మార్పిడి మాత్రమే, లోపలి బట్టల్లాంటి కొన్నిటికి రెండూ ఉండవు. రెండూ లేనిదాన్ని ఇంకొకరి కోసం కొనకండి. మన ఒంటికి కొనుక్కుంటే మన ఖర్మ, ఆమె ఒంటికి కొనే హక్కు మనకు లేదు.

మరి ధర కనబడకుండా, దారి మూసుకుపోకుండా ఎట్లా? లక్ష్మీనగర్‌లో బట్టల దుకాణంలో కొంటే అసలు బిల్లు మన దగ్గర ఉంచుకుని, చిన్న చీటీ రాయించుకోవాలి. దాని మీద బిల్లు నంబరు, తారీఖు, ఎన్ని రోజుల్లోపు మార్చుకోవచ్చో రాసి దుకాణం ముద్ర వేయమంటే చాలు, ధర వాళ్ళ పుస్తకంలో ఉంటుంది. డ్రెస్సుకున్న ట్యాగు తెంపొద్దు. ఎమ్మార్పీ ఉన్న భాగం మీద కాగితం అతికిస్తే సరిపోతుంది.

ఆన్‌లైన్లో అయితే తీసుకునేవాళ్ళ చిరునామాకే, ఫంక్షన్‌కు ఒకటి రెండు రోజుల ముందు అందేలా పెట్టాలి. డబ్బులు ముందే కట్టేయాలి, లేకపోతే బహుమతి తీసుకునేటామే డెలివరీ అబ్బాయికి డబ్బులు లెక్కపెట్టాల్సి వస్తుంది. గిఫ్ట్ అని గుర్తుపెట్టే వీలుంటే అది పెట్టాలి, ధర లేని చీటీ వస్తుందో లేదో ఆర్డరు ముందే చదవాలి. ప్యాకెట్టు బయట సంచిలో బిల్లు అతికించి పంపే అలవాటు ఉంటుంది, అందుకని ఆమె ఇంటికే పోతుంటే ధర బయటపడవచ్చని ముందే అనుకోవాలి. డెలివరీకి ఓటీపీ అడిగితే అది మన ఫోన్‌కు వస్తుంది, ఆ రోజు ఫోన్ దగ్గర పెట్టుకోవాలి.

మిక్సీ, కుక్కర్, ఫ్యాన్ లాంటివాటికి బిల్లు దాచనే దాచొద్దు. వారంటీ మొదలయ్యేది బిల్లు తారీఖు నుంచి. సర్వీసు సెంటరులో ముందు అడిగేది అదే. కవరులో పెట్టి అంటించి, "పాడైతేనే విప్పు" అని రాసి ఇవ్వండి. ధర కన్నా మోటారు ముఖ్యం.

చివరగా, నోటితో ఒక మాట చెప్పాలి. "ఇరవయ్యో తారీఖు దాకా మార్చుకోవచ్చంట, సైజు చూసుకుని చెప్పరాదు" అని మనమే ముందు అంటే, అడగాల్సిన భారం ఆమె మీద ఉండదు. సైజు మార్పిడి అయితే డబ్బు కదలదు, ధరా బయటపడదు. వాపసు అయితే డబ్బు మన ఖాతాలోకే వస్తుంది. దాన్ని ఉంచేసుకోకుండా, ఆమె చెప్పిన వస్తువు అంత ధరలో మళ్ళీ ఆర్డరు పెట్టాలి. ఆమెకు అప్పుడు అంకె తెలిస్తే తెలియనీయండి. తొడుక్కోని 3,499 కన్నా తొడుక్కున్న 1,299 గొప్పది.