ముందు కలుగు మూసి చూడాలి

కొండగట్టు అంజన్న గుట్ట చుట్టూ కోతులు తిరుగుతుంటాయి. అలాంటి చోట పెరట్లో కలుగు కనబడగానే ఎలుకల మందు పెట్టడం తగని పని. ఆ ఎర కోతీ తింటుంది, కోడీ తింటుంది. ముందు సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూయాలి. తెల్లారేసరికి తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు. మూతి దగ్గర తాజా మట్టి కుప్ప ఉంటే అది పందికొక్కు పనే కావచ్చు. దాన్ని ఎక్కువగా రప్పించేది మొక్కలు కాదు, పక్కన పడేసిన కొబ్బరి ముక్కలు, కోళ్లకు చల్లిన మక్కలు, ఎరువు గుంతలో వేసిన అన్నం. తిండి తీసేయకుండా కలుగు పూడిస్తే పక్కనే ఇంకోటి తవ్వుతుంది. మిద్దె మీద మడిని ఇటుకలపై జానెడు ఎత్తున నిలిపి, ఎలుకలు దాగకుండా కింద ఖాళీగా ఉంచాలి. నేల మడికైతే అర అంగుళం కన్నుల ఇనుప జాలీ పరిచాకే మట్టి నింపాలి. ప్లాస్టిక్ వల దండగ, పందికొక్కు కొరికేస్తుంది.