ముందస్తు అరెస్టుకు తనిఖీ ఏది?

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో కారు నిలిపే చోటుపై ఇరుగుపొరుగులు కలహించారనుకుందాం. పిలుపందుకుని వచ్చిన పోలీసు వారిని మందలించి పంపివేయవచ్చు. చెంపదెబ్బ వంటి స్వల్ప గాయపు నేరమైతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే అరెస్టు చేయరాదు. ఏడేళ్ల వరకు శిక్షపడే కేసుల్లో సైతం అరెస్టుకు కారణాలు రాయాలని, వాటిని మేజిస్ట్రేటు పరిశీలించాలని అర్నేశ్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అయితే దొడ్డిదారి ఒకటున్నది. నేరాన్ని నివారించే పేరిట ముందస్తు అరెస్టు చేయవచ్చు. పాత స్మృతిలోని ఈ 151వ సెక్షనే 2024 జూలై నుంచి నాగరిక సురక్షా సంహితలో 170వ సెక్షన్ అయింది. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరానికి పన్నాగం ఉండాలి, దానిని ఆపేందుకు మరో మార్గం లేకపోవాలి. తగువు అప్పటికే సద్దుమణిగితే ఈ అరెస్టుకు ఆధారం లేదు.

దానిని తేల్చవలసిన వారెవరు? శాంతిభద్రతల పూచీకత్తు కోరే ప్రత్యేక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగా ఢిల్లీలో కూర్చునేది అసిస్టెంట్ పోలీసు కమిషనరే. పూచీకత్తు ఇవ్వలేని పేదవాడు జైలుకు పోతాడు. పట్టుకున్న శాఖే తీర్పరి అయినప్పుడు కారణాల పరిశీలన మొక్కుబడి కాక తప్పదు. ఈ అధికారాన్ని పోలీసేతర మేజిస్ట్రేట్లకు అప్పగించడమే న్యాయం.