బోనాల స్టేటస్‌లో మీ మాట ఏది?

ఆషాఢం రాంగనే అందరి వాట్సాప్ స్టేటస్‌లలో ఒకటే బొమ్మ. అమ్మవారు, బోనం, కింద “మీకు, మీ కుటుంబ సభ్యులకు శుభాకాంక్షలు”. పేరొక్కటే మారుతుంది. దీన్ని నేను పలకరింపు అనను, ఫ్లెక్సీ అంటాను.

ఆ బొమ్మకు మన ఊరు కూడా తెలియదు. హైదరాబాద్‌లో బోనాలు ఒక్క రోజువి కావు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దాటి, ఆఖరుకు పాతబస్తీ లాల్ దర్వాజకు వస్తాయి. గోల్కొండ బోనాల నాడే మన పాతబస్తీవాళ్లు “నేడే బోనాలు” అని పెడితే చుట్టాలు ఏమనుకోవాలి?

అందుకే ఒక్క వాక్యమైనా సొంతంగా రాయండి అంటున్నా. అయితే స్టేటస్ ఉత్తరం కాదు. మేనత్త చూస్తుంది, ఆఫీసు సారు చూస్తాడు, గల్లీలో మటన్ కొట్టు భాయ్ చూస్తాడు. “అత్తా, నువ్వు లేక వెలితిగా ఉంది” అని రాస్తే మిగతావాళ్లు పరాయి ఉత్తరం చదివినట్టే. “అందరూ భోజనానికి రండి” అంటే, నిజంగా అందరూ వస్తే ఎట్ల?

మీ ఇంటి సంగతి, ఎవరు చదివినా చెల్లేది రాయాలి:

“లాల్ దర్వాజ బోనాల శుభాకాంక్షలు. ఈ ఆదివారం మా చెల్లె మొదటిసారి బోనమెత్తుతోంది.”

ఇందులో “రేపు” అనలేదు, చూడండి. స్టేటస్ 24 గంటలుంటుంది. శనివారం సాయంత్రం పెట్టింది ఆదివారం పొద్దున చదివేవాళ్లకు “రేపు” అంటే సోమవారం. ఆనాడు బోనం కాదు, ఘటాల ఊరేగింపు.

బొమ్మకు దండం గుర్తు మాత్రమే తిరిగొస్తుంది. ఈ వాక్యానికి “చెల్లె అంత పెద్దదైందా?” అని ఎవరో ఒకరు అడుగుతారు.